యానివర్సరీ మెయిల్‌లో టాప్-అప్ అడిగే ముందు, ఉన్న పాలసీ ఏం ఇవ్వదో చెప్పడం ఎలా

రెండేళ్ళ కింద ఒక మధ్యాహ్నం నా క్లయింట్ ఒకాయన హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్ చేశారు. వాళ్ళావిడకి ఆపరేషన్ అయింది, డిశ్చార్జ్ చేస్తున్నారు, బిల్లు 3,35,000 వచ్చింది, కంపెనీ 2,45,000 అప్రూవ్ చేసింది, మిగతా 90,000 కట్టి వెళ్ళండి అంటున్నారు. "అయిదు లక్షల పాలసీ అన్నారు కదండీ, బిల్లు మూడున్నర కూడా కాలేదు, నేనెందుకు కట్టాలి?" అని అడిగారు. రూమ్ రెంట్ లిమిట్ గురించి చెప్పాను. ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత "మరి పోయినేడు టాప్-అప్ అని ఇంకోటి చేయించారు కదా, అదైనా ఇస్తుందా?" అన్నారు. అది కూడా ఇవ్వదని చెప్పాల్సొచ్చింది.

ఆ రెండో జవాబు చెప్పేటప్పుడు నాకు బాగా తెలిసొచ్చింది, నేను ఆయనకి టాప్-అప్ అమ్మాను కానీ అది దేనికి పనికొస్తుందో దేనికి పనికిరాదో చెప్పలేదని. అప్పట్నుంచి యానివర్సరీ మెయిల్ రాసే పద్ధతే మార్చేశాను. హెల్త్ ఏజెంట్‌గా మీరు కూడా పాత క్లయింట్‌కి టాప్-అప్ గురించి రాయాలనుకుంటే, నేను ఏ వరసలో చేస్తానో ఇక్కడ రాస్తున్నా. నిజంగా నేను రాసిన ఒక మెయిల్‌నే ఉదాహరణగా తీసుకుంటా, మనిషి ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆయన ప్రైవేట్ కాలేజీలో లెక్చరర్, మేమందరం మాస్టారు అనే పిలుస్తాం. వయసు 47, భార్యకి 43, ఇద్దరు పిల్లలు. 2018 జూన్ 14న 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకున్నారు, ఇప్పటిదాకా ఒక్క క్లెయిమ్ కూడా లేదు. 2022 నుంచి షుగర్‌కి మాత్రలు వాడుతున్నారు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పనుంది.

ముందు తారీఖు చూసుకోండి

చాలామంది యానివర్సరీ మెయిల్‌ని రెన్యువల్ రిమైండర్‌తో కలిపి చివరి వారంలో పంపుతారు, అప్పటికి క్లయింట్ చేతిలో ప్రీమియం కట్టడం తప్ప ఇంకో దారి ఉండదు. నేనైతే 60 రోజుల ముందే పంపుతా, అంటే జూన్ 14 పాలసీకి ఏప్రిల్ రెండో వారంలో. కారణం ఏంటంటే, మీ మెయిల్ చదివి ఆయన "అసలు ఈ బేస్ పాలసీయే నాకు సరిపోవట్లేదు, వేరే దానికి మారిపోతా" అనుకుంటే పోర్టబిలిటీకి రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు అప్లై చేయాలని పాలసీ వర్డింగుల్లో ఉంటుంది. ఆ గడువు దాటాక నిజం చెప్పినా ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు కాబట్టి, చెప్పేదేదో దానికి ముందే చెప్పాలి.

తారీఖుకి ఇంకో కారణం కూడా ఉంది, అది టాప్-అప్‌కి సంబంధించింది, కింద చెప్తా.

పాలసీ షెడ్యూల్ తీసి పక్కన పెట్టుకోండి

బ్రోషర్ చూసి మెయిల్ రాయొద్దు. మాస్టారి పాలసీ 2018లో తీసుకున్నది, ఇప్పుడు కంపెనీ అమ్ముతున్న ప్లాన్ వేరు, పేరు దగ్గరగా ఉన్నా లోపల షరతులు వేరు. ఆయన పేరు మీద వచ్చిన షెడ్యూల్, దానితోపాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని ఇస్తారు కదా, ఆ రెండూ తీయండి. మీ ఫైల్లో లేకపోతే క్లయింట్‌నే ఫోటో తీసి పంపమనండి, ఆ వంకన ఆయన కూడా ఒకసారి తిరగేస్తారు.

నాలుగు చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టండి చాలు: రూమ్ రెంట్ లిమిట్ ఎంత, కో-పే ఉందా, కాటరాక్ట్ లాంటి వాటికి విడిగా లిమిట్ ఉందా, గ్లవ్స్ మాస్కులు లాంటి కన్స్యూమబుల్స్‌కి రైడర్ ఉందా లేదా. మాస్టారి దాంట్లో కో-పే లేదు. రూమ్ రెంట్ రోజుకి సమ్ ఇన్సూర్డ్‌లో 1 శాతం, ఐసియుకి 2 శాతం అని ఉంది, అంటే మామూలు రూమ్‌కి రోజుకి 5,000. కన్స్యూమబుల్స్ రైడర్ లేదు. కాటరాక్ట్‌కి కన్నుకి ఇంత అని లిమిట్ ఉంది.

రెండు లోట్లనీ విడదీయండి

ఈ మొత్తం పనిలో ముఖ్యమైన అడుగు ఇదే, మనలో ఎక్కువమంది తప్పేది కూడా ఇక్కడే. పాలసీ ఇవ్వని డబ్బు రెండు రకాలు. ఒకటి లోపలి కోత, అంటే బిల్లు సమ్ ఇన్సూర్డ్ లోపే ఉన్నా షరతుల వల్ల కట్ అయ్యేది. రెండోది పైన చాలకపోవడం, అంటే బిల్లే 5 లక్షలు దాటిపోవడం. టాప్-అప్ రెండోదానికి మాత్రమే మందు. మొదటిదానికి అస్సలు పనిచేయదు. మెయిల్‌లో ఈ రెండూ కలిపేసి "బేస్ పాలసీలో చాలా కవర్ అవ్వవు కాబట్టి టాప్-అప్ తీసుకోండి" అని రాశారంటే క్లయింట్‌కి కోత కూడా టాప్-అప్ భరిస్తుందనే అర్థమవుతుంది, నా క్లయింట్‌కి అలాగే అర్థమైంది.

కోత ఎలా పడుతుందో మీరు కాగితం మీద వేసి చూసుకోండి, మీకే స్పష్టంగా లేకపోతే మెయిల్‌లో రాదు. ఆ 3,35,000 బిల్లునే తీసుకుందాం. రూమ్ రోజుకి 8,000, అయిదు రోజులు, 40,000. సర్జన్, ఓటి, నర్సింగ్, డాక్టర్ విజిట్లు కలిపి 1,60,000. మందులు, టెస్టులు, ఇంప్లాంట్ 1,20,000. గ్లవ్స్, క్యాప్‌లు, అడ్మిషన్ కిట్ లాంటివి 15,000.

లిమిట్ 5,000, ఉన్నది 8,000 రూమ్‌లో. రూమ్‌కి ఇచ్చేది 25,000. ఇక్కడితో ఆగితే పోయేది 15,000 మాత్రమే, చాలామంది ఇంతే అనుకుంటారు. కానీ సర్జన్ ఫీజు, ఓటి ఛార్జీలు కూడా రూమ్ కేటగిరీని బట్టి మారతాయి కాబట్టి వాటిని కూడా అదే నిష్పత్తిలో, ఎనిమిదింట అయిదు వంతులకి తగ్గిస్తారు, 1,60,000 కాస్తా 1,00,000 అవుతుంది. మందులు, టెస్టులు, ఇంప్లాంట్‌కి ఈ నిష్పత్తి కోత పెట్టకూడదని ఐఆర్‌డిఏఐ 2020లోనే స్పష్టం చేసింది కాబట్టి ఆ 1,20,000 పూర్తిగా వచ్చింది. గ్లవ్స్ కిట్లు నాన్-పేయబుల్ లిస్టులో ఉన్నవి కాబట్టి 15,000 మొత్తం పోయింది. 25 ప్లస్ 100 ప్లస్ 120, అంటే 2,45,000. పోయిన 90,000లో అరవై వేలు సర్జన్, ఓటి లైన్ల నుంచే పోయింది, రూమ్ అద్దెలో పోయింది పదిహేను వేలే.

ఐసియు ఛార్జీల మీద కూడా ఈ నిష్పత్తి కోత ఉండదు, అలాగే రూమ్‌ని బట్టి రేట్లు మార్చని హాస్పిటల్ అయితే మిగతా ఛార్జీలకీ పెట్టకూడదు. ఎవరికైనా కోత పడితే ముందు ఈ రెండూ చూడండి, తప్పుగా కోసి ఉంటే రాతపూర్వకంగా అడగొచ్చు.

టాప్-అప్పా, సూపర్ టాప్-అప్పా

మనం మాట్లాడేటప్పుడు అన్నిటినీ టాప్-అప్ అనేస్తాం కానీ మెయిల్‌లో పేరు సరిగ్గా రాయాలి, ఎందుకంటే తేడా లక్షల్లో ఉంటుంది. డిడక్టబుల్ అంటే ఒక గీత, ఖర్చు అది దాటాకే టాప్-అప్ ఇవ్వడం మొదలుపెడుతుంది. మామూలు టాప్-అప్‌లో ఆ గీతని ప్రతి క్లెయిమ్‌కీ విడిగా చూస్తారు. సూపర్ టాప్-అప్‌లో ఏడాది మొత్తం మీద అన్ని క్లెయిమ్‌లూ కలిపి చూస్తారు.

మాస్టారి ఇంట్లో ఒకే ఏడాది రెండు అడ్మిషన్లు అనుకోండి, ఆగస్టులో వాళ్ళావిడకి 4 లక్షలు, నవంబర్లో ఆయనకి 4.5 లక్షలు, రెండూ పూర్తిగా చెల్లించదగ్గవే. మొత్తం 8.5. బేస్ మొదటిదానికి 4, రెండోదానికి మిగిలిన 1 ఇచ్చి అయిపోతుంది. ఇంకా 3.5 లక్షలు కావాలి. 5 లక్షల డిడక్టబుల్ ఉన్న మామూలు టాప్-అప్ అయితే 4 కూడా 5 దాటలేదు, 4.5 కూడా దాటలేదు, కాబట్టి సున్నా. సూపర్ టాప్-అప్ అయితే రెండూ కలిపి 8.5, గీత 5 దగ్గర, పైన ఉన్న 3.5 ఇస్తుంది. ఫ్లోటర్ ఉన్న కుటుంబానికి నేను మామూలు టాప్-అప్ రాయడం మానేసింది అందుకే.

ఇక్కడే తారీఖు సంగతి. సూపర్ టాప్-అప్ లెక్కేసేది తన పాలసీ సంవత్సరం ప్రకారం, బేస్ పాలసీ సంవత్సరం ప్రకారం కాదు. బేస్ జూన్ 14న మొదలై, సూపర్ టాప్-అప్ అక్టోబర్ 1న మొదలైతే, ఆగస్టు అడ్మిషన్ ఒక ఏడాదిలోకి, నవంబర్ అడ్మిషన్ ఇంకో ఏడాదిలోకి వెళ్ళిపోతాయి. కొత్త ఏడాదిలో 4.5 ఒక్కటే లెక్కకొస్తుంది, అది 5 దాటలేదు, మళ్ళీ సున్నా. రెండు పాలసీలూ ఒకే రోజు మొదలైతే ఈ ఇబ్బంది ఉండదు. ఈ ప్రపోజల్‌కి యానివర్సరీ సరైన సమయం అనేది ఇందుకే, మెయిల్‌లో కూడా ఈ కారణం చెప్పండి, తొందరపెడుతున్నారని అనుకోరు.

ఇంకో సంగతి, ఇది మనలోనే కొంతమందికి తెలీదు. గీత దాటిందా లేదా అనేది సూపర్ టాప్-అప్ షరతుల ప్రకారం చెల్లించదగ్గ మొత్తం మీద చూస్తారు. చాలా సూపర్ టాప్-అప్‌లలో రూమ్ లిమిట్ ఉండదు, దాంతో క్లయింట్ "అయితే రూమ్ గొడవ తీరిపోయింది" అనుకుంటారు. తీరదు. ఉదాహరణకి సూపర్ టాప్-అప్ లెక్కలో చెల్లించదగ్గది 6.5 లక్షలు, బేస్ మాత్రం రూమ్ కోత వల్ల 4.4 ఇచ్చి ఆగింది అనుకోండి. సూపర్ టాప్-అప్ 5 పైన ఉన్న 1.5 మాత్రమే ఇస్తుంది. 4.4కీ 5కీ మధ్య ఉన్న 60,000 ఇద్దరూ ఇవ్వరు, క్లయింట్ జేబులోంచే పోతుంది.

షుగర్ సంగతి ముందే రాయండి

మాస్టారి బేస్ పాలసీ 2018ది, షుగర్ 2022లో వచ్చింది, కాబట్టి బేస్‌కి అది ముందునుంచి ఉన్న జబ్బు కాదు. కానీ సూపర్ టాప్-అప్ కొత్త పాలసీ, దాని దృష్టిలో షుగర్ ముందునుంచి ఉన్నదే. బేస్ కాగితాల్లో ఆరోగ్య ప్రశ్నలన్నిటికీ "లేదు" అని ఉంది కదా అని దాన్ని చూసి కొత్త ప్రపోజల్ నింపేస్తే, రేపు పెద్ద క్లెయిమ్ వచ్చిన రోజు నిజం దాచారని రిజెక్ట్ చేస్తారు. షుగర్ డిక్లేర్ చేయాలి, చేశాక దానికీ దాని వల్ల వచ్చే వాటికీ వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ఇది 2024 రూల్స్ ప్రకారం 36 నెలలకి మించకూడదు, కొన్ని ప్లాన్లలో ఇంకా తక్కువ. మొదటి 30 రోజులు యాక్సిడెంట్ తప్ప ఏదీ రాదు. హెర్నియా, గాల్ బ్లాడర్ రాళ్ళు, మోకాలి మార్పిడి లాంటి లిస్టుకి విడిగా వెయిటింగ్ ఉంటుంది.

దీన్ని మెయిల్ చివర చిన్న అక్షరాల్లో పెట్టొద్దు. షుగర్ ఉన్న మనిషికి గుండె, కిడ్నీ సమస్యే భయం, ఆ భయానికే ఆయన ఇది తీసుకుంటారు, ఆ వెయిటింగ్ గడిచే దాకా అవి షుగర్ వల్ల వచ్చాయని తేలితే రావు అని తెలిసే తీసుకోవాలి.

ఇప్పుడు మెయిల్

సబ్జెక్ట్ లైన్‌లో "ప్రత్యేక ఆఫర్", "ఆఖరి అవకాశం" లాంటివి వద్దు, ఏ పాలసీ, ఏ తారీఖు, ఏ విషయం, అంతే. లోపల వరస ఇలా పెట్టండి: ముందు ఉన్నది ఏంటో, తర్వాత కోత, తర్వాత చాలకపోవడం, అప్పుడు మాత్రమే ప్రపోజల్, ఆ వెంటనే ప్రపోజల్ ఏం చేయదో, చివర్లో నాకొచ్చే కమీషన్ సంగతి. నేను మాస్టారికి రాసింది ఇది:

సబ్జెక్ట్: మీ హెల్త్ పాలసీ జూన్ 14 రెన్యువల్ – అది ఏం ఇవ్వదు, దానికి ఏం చేయొచ్చు

నమస్కారం మాస్టారూ,

జూన్ 14కి మీ పాలసీ ఇంకో ఏడాది పూర్తి చేసుకుంటుంది. క్లెయిమ్ అవసరం రాలేదు, మంచిదే. కానీ అవసరం వచ్చిన రోజు ఆశ్చర్యపోకుండా కొన్ని విషయాలు ఇప్పుడే చెప్పాలి, 2018లో నేను ఇవన్నీ వివరంగా చెప్పలేదు.

మీది ఇంటిల్లిపాదికీ కలిపి ఏడాదికి 5 లక్షలు. ఇందులో రూమ్ అద్దె రోజుకి 5,000 వరకే. అంతకంటే ఖరీదైన రూమ్ తీసుకుంటే అద్దెలో తేడాయే కాదు, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు కూడా అదే లెక్కలో తగ్గిస్తారు. నాకు తెలిసిన ఒకరికి 8,000 రూమ్ వల్ల, నాన్-పేయబుల్ వస్తువుల వల్ల 3,35,000 బిల్లులో 90,000 చేతినుంచి పడింది. గ్లవ్స్, కిట్లు లాంటివి మీ పాలసీలో రావు. కాటరాక్ట్‌కి షెడ్యూల్‌లో రాసిన లిమిట్ వరకే వస్తుంది, ఆ పేజీ జత చేశాను.

కాబట్టి అడ్మిషన్ అప్పుడు మొదటి మాటగా "5,000 లోపు రూమ్ ఇవ్వండి" అని అడగండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

రెండో విషయం, పెద్ద జబ్బు వస్తే 5 లక్షలు చాలకపోవచ్చు. దానికి 10 లక్షల సూపర్ టాప్-అప్ సూచిస్తున్నాను. ఏడాదిలో మీ ఇంట్లో అందరి హాస్పిటల్ ఖర్చులూ కలిపి 5 లక్షలు దాటాక, ఆ పైన ఇది మొదలవుతుంది. ప్రీమియం ఏడాదికి రూ. ______, కోట్ జత చేశాను. మీ బేస్ పాలసీతో పాటు జూన్ 14నే మొదలయ్యేలా తీసుకుంటే మంచిది, తేదీలు వేరైతే ఖర్చులు కలిపి లెక్కవేయడంలో మీకు నష్టం.

ఇది ఏం చేయదో కూడా చూడండి. రూమ్ వల్ల పడే కోతని ఇది భర్తీ చేయదు. 5 లక్షల లోపు ఏదీ ఇవ్వదు. మీ షుగర్‌ని ప్రపోజల్‌లో తప్పనిసరిగా రాయాలి, రాశాక దానికి, దానివల్ల వచ్చే సమస్యలకి ______ నెలలు ఆగాలి. షుగర్ చూసి కంపెనీ ప్రీమియం పెంచొచ్చు, తిరస్కరించొచ్చు కూడా.

మీకు రూమ్ కోతే ఎక్కువ ఇబ్బంది అనిపిస్తే, టాప్-అప్ కంటే ముందు రూమ్ లిమిట్ లేని పాలసీకి మారడం గురించి మాట్లాడుకుందాం. దానికి ఏప్రిల్ చివరిలోపు అప్లై చేయాలి, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఈ సూపర్ టాప్-అప్ మీరు తీసుకుంటే నాకు కమీషన్ వస్తుంది. తీసుకోకపోయినా మీ రెన్యువల్, క్లెయిమ్ పనులు ఎప్పటిలాగే చూస్తాను.

ఆదివారం ఉదయం ఇంటికి రమ్మంటే వస్తాను. మేడం గారు కూడా ఉంటే మంచిది, హాస్పిటల్లో కాగితాల మీద సంతకాలు పెట్టేది ఎక్కువసార్లు వాళ్ళే.

మెయిల్ అయిపోయింది. ఖాళీలు ఉన్నచోట ఆ రోజు తీసిన కోట్‌లో ఉన్న అంకెలే పెట్టండి, గుర్తున్న అంకె వద్దు. పాత కోట్ ఫైల్స్ వాడేవాళ్ళు ఒకటి చూసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇండివిడ్యువల్, ఫ్యామిలీ ఫ్లోటర్ హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు, పాత షీట్‌లో 18 శాతం కలిసి ఉంటే ఆ అంకె తప్పు. అలాగే కమీషన్‌లో కొంత వెనక్కిస్తానని ఎక్కడా రాయొద్దు, మాటగా కూడా అనొద్దు, ఇన్సూరెన్స్ యాక్ట్ సెక్షన్ 41 ప్రకారం అది నేరం, 10 లక్షల దాకా పెనాల్టీ ఉంది.

ట్యాక్స్ గురించి రాయాలనిపిస్తే ఒక్క వాక్యం రాయండి, 80డి మినహాయింపు పాత రిజీమ్‌లో ఉన్నవాళ్ళకే అని. మాస్టారు కొత్త రిజీమ్‌కి మారిపోయారు, అందుకే నేను రాయలేదు.

జవాబులు వచ్చాక

ఈ మెయిల్‌కి వచ్చే ప్రశ్నలు దాదాపు ఇవే ఉంటాయి. "మా కాలేజీ వాళ్ళిచ్చిన గ్రూప్ పాలసీ 3 లక్షలు ఉంది కదా, అది కూడా లెక్కకొస్తుందా" అని మాస్టారు అడిగారు. గీత లోపలి ఖర్చు ఎవరు కట్టారన్నది సూపర్ టాప్-అప్‌కి అక్కర్లేదు, బేస్ కట్టినా గ్రూప్ పాలసీ కట్టినా సొంత డబ్బు కట్టినా 5 లక్షల ఖర్చు జరిగిందని బిల్లులు చూపిస్తే చాలు. కాకపోతే ఉద్యోగం మానేస్తే గ్రూప్ పాలసీ పోతుంది, దాన్ని నమ్ముకుని డిడక్టబుల్‌ని 8 లక్షలకి పెంచొద్దు. ప్రీమియం తగ్గుతుందని కొందరు అడుగుతారు, ఆ తగ్గేదెంతో కోట్ తీసి చూపించి, గ్రూప్ పాలసీ లేని రోజు 5కీ 8కీ మధ్య 3 లక్షలు ఎక్కడ్నుంచి వస్తాయో అడగండి.

రెండోది, "అయితే బేస్‌నే 15 లక్షలు చేసేద్దాం". తప్పేం లేదు, నిజానికి రూమ్ లిమిట్ శాతంలో ఉన్న పాలసీకి సమ్ ఇన్సూర్డ్ పెరిగితే లిమిట్ కూడా పెరుగుతుంది, మాస్టారిదైతే 15,000 అవుతుంది. కానీ పెంచిన 10 లక్షల వరకూ వెయిటింగ్ పీరియడ్ మళ్ళీ మొదట్నుంచి, ప్రీమియం సూపర్ టాప్-అప్ కంటే బాగా ఎక్కువ. రెండు కోట్లూ పక్కపక్కన పెట్టి ఇవ్వండి. మాస్టారు ఆ రోజు కాసేపు లెక్కేసుకుని బేస్‌ని కొంచెం పెంచి 7.5 చేసుకున్నారు, అప్పుడు రూమ్ 7,500 దాకా వస్తుంది, ఆయన వెళ్ళే హాస్పిటల్లో సింగిల్ రూమ్ అంతలోపే ఉంది. సూపర్ టాప్-అప్ 5 లక్షల డిడక్టబుల్‌తోనే తీసుకున్నారు. అది నా కోట్‌లో లేని దారి, ఆయన పరిస్థితికి నా దానికంటే మంచిది.

అసలు జవాబే రాకపోతే పది రోజులకి ఒకసారి ఫోన్ చేసి, "మెయిల్‌లో రూమ్ గురించి రాసిన పేరా ఒక్కటి చదివారా" అని అడగండి. టాప్-అప్ వద్దన్నా ఆ పేరా మాత్రం చదివించండి.

పాలసీ వచ్చాక ఇంకో చిన్న మెయిల్

పాలసీ చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది, నచ్చకపోతే వెనక్కిచ్చేయొచ్చు. ఆ లోపు షెడ్యూల్‌లో మూడు చూడమని రాయండి: మొదలయ్యే తేదీ జూన్ 14 ఉందా, నలుగురి పేర్లూ బేస్‌లో ఉన్నట్టే ఉన్నాయా, షుగర్ రాసి ఉందా. షుగర్ కనపడకపోతే మీరు డిక్లేర్ చేసిన కాపీ జతచేసి వెంటనే కంపెనీకి రాసి సరిచేయించండి.

అదే మెయిల్‌లో క్లెయిమ్ కాగితాల గురించి కూడా రాయండి. ఏడాదిలో మొదటి అడ్మిషన్ బేస్‌లోనే అయిపోయినా, ఆ డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లుల కాపీలు, బేస్ కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటర్ దాచుకోవాలి, ఆరు నెలల తర్వాత రెండో అడ్మిషన్ వస్తే 5 లక్షల గీత దాటిందని చూపించేది ఆ కాగితాలతోనే. రెండు పాలసీలూ వేర్వేరు కంపెనీలవైతే ఒరిజినల్స్ బేస్ కంపెనీ దగ్గరే ఉండిపోతాయి, కాబట్టి ఇచ్చేముందే అన్నిటికీ కాపీలు తీయించి పెట్టుకోవాలి, బిల్లింగ్ కౌంటర్‌లోనే అటెస్ట్ చేసి ఇవ్వమంటే ఇస్తారు. ఖర్చు 5 దాటేలా కనపడిన రోజే, ఇంకా హాస్పిటల్లో ఉండగానే, సూపర్ టాప్-అప్ కంపెనీకి కూడా ఇంటిమేషన్ ఇవ్వమని చెప్పండి. మాస్టారి ఇంట్లో బీరువా తలుపు లోపలివైపు మేడం గారు ఒక కాగితం అంటించారు, రెండు పాలసీ నంబర్లు, రెండు కంపెనీల హెల్ప్‌లైన్ నంబర్లు, కింద పెద్ద అక్షరాలతో "రూమ్ 7,500 లోపు".